రూపాయల్లో కట్టించుకునే దయామయులు

పరాయి దేశంలో మన బాగోగులు చూసేవాళ్లు ఉండరని బాధపడేవాళ్లు ఒకసారి దుబాయ్ వెళ్లి, ఏ దుకాణంలోనైనా కార్డు పెట్టి చూడాలి. కార్డు మీది మొదటి ఆరో ఎనిమిదో అంకెలు చదవగానే అది ఏ బ్యాంకుదో, ఏ దేశానిదో మెషీన్‌కు తెలిసిపోతుంది. పెళ్లిళ్లలో 'మీదే ఊరు బాబూ' అని మొదలుపెట్టే పెద్దమ్మలు కూడా ఇంత త్వరగా ఆరా తీయలేరు.

ఆరా తీసి ఊరుకోదు. బిల్లు 1000 దిర్హామ్‌లైతే తెరమీద రెండు అంకెలు చూపిస్తుంది: AED 1000.00, INR 24380.00. 'నీకు దిర్హామ్‌ల లెక్క తెలియదు కదా నాన్నా, హాయిగా రూపాయల్లో కట్టు' అని దాని భావం. కౌంటర్లో కరీంనగర్ తమ్ముడు ఎవరైనా ఉంటే 'రూపాయల్ల కొట్టాల్నా అన్నా?' అని ఆప్యాయంగా అడుగుతాడు కూడా. మాతృభూమి కరెన్సీ కనబడ్డాక కాదనడానికి ఎవరికి మనసొస్తుంది? కొన్నిచోట్ల ఆ శ్రమ కూడా మనకివ్వరు, బటన్ వాళ్లే నొక్కేస్తారు. చేతికొచ్చిన స్లిప్పు మీద మాత్రం 'నాకు రెండు కరెన్సీలూ చూపించారు, నేనే రూపాయలు ఎంచుకున్నాను' అన్న అర్థంలో ఒక లైను ఉంటుంది. మన అభిప్రాయాన్ని మనకన్నా ముందే రాసిపెట్టే ఇలాంటి సేవకు డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, ముద్దుగా డీసీసీ అని పేరు.

దీని ఖర్చు ఎంతో చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి ఆ రోజు వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ రేటు దిర్హామ్‌కు 23 రూపాయలు అనుకుందాం. దిర్హామ్‌లలో కడితే 23,000. దానిమీద మన బ్యాంకు ఫారెక్స్ మార్కప్, చాలా కార్డులకు ఉన్నట్టు 3.5 శాతం అనుకుంటే 805 రూపాయలు. ఆ 805 మీద 18 శాతం జీఎస్టీ 145. మొత్తం దాదాపు 23,950. తక్కువేం కాదు.

రూపాయల్లో కడితే రేటు వేసేది నెట్‌వర్క్ కాదు. దుకాణానికి మెషీన్ ఇచ్చిన బ్యాంకు, దాంతో చేతులు కలిపిన కన్వర్షన్ కంపెనీ కలిసి వేస్తాయి. మన ఉదాహరణలో 23 బదులు 24.38, అంటే 6 శాతం ఎక్కువ. ఆ 1,380 రూపాయల్లో దుకాణానికీ వాటా ముట్టొచ్చు. తమ్ముడి ఆప్యాయత వెనక యజమాని ఆదేశం ఉంటే ఆశ్చర్యమేముంది!

కన్వర్షన్ అక్కడే అయిపోయింది కాబట్టి ఇక మన బ్యాంకుకు పనేముంది అనుకుంటాం. ఎంత మాట! బిల్లు రూపాయల్లోనే వచ్చినా దుకాణం విదేశంలో ఉంది కదా అని మన దేశంలో చాలా బ్యాంకులు 1 శాతమో, ఇంకాస్త ఎక్కువో, మళ్లీ జీఎస్టీతో కలిపి వసూలు చేస్తాయి. 1 శాతమే అనుకున్నా ఇక్కడ 288 రూపాయలు. మొత్తం 24,668. మార్చినందుకు అక్కడొకరు, మార్చనందుకు ఇక్కడొకరు, సమన్యాయం జరిగింది. మార్కప్ లేని కార్డు చూసి మరీ తీసుకున్న తెలివైనవాళ్లకైతే 23,000తో పోయేదానికి 1,668 అదనం.

న్యాయంగా చెప్పాలంటే, డీసీసీ రేటు నెట్‌వర్క్ రేటు కన్నా 2 శాతమే ఎక్కువుండి, మన బ్యాంకు మార్కప్ 3.5 శాతమైతే రూపాయలే చవక. అలాంటి మెషీన్ కనిపిస్తే దానికి కొబ్బరికాయ కొట్టండి. మిగతావాళ్లు తెరమీది రూపాయల్ని దిర్హామ్‌లతో భాగించి, ఫోన్‌లో ఆ రోజు రేటుతో పోల్చుకుంటే చాలు. ఐరోపా సమాఖ్య ఈపాటి లెక్క కూడా జనం మీద వదలకుండా, మార్జిన్ ఎంతో ముందే శాతంలో చూపించాలని 2020 నుంచి అక్కడి కరెన్సీల విషయంలో రూలు పెట్టింది. ఇంత దయగల వ్యాపారం మీద ఆ అనుమానమేమిటో!

పిన్ కొట్టకముందే AED నొక్కితే పని అయిపోతుంది. స్లిప్పు మీద INR చూశాక మెలకువ వస్తే, కౌంటర్ వదలకుండా ఆ లావాదేవీని వాయిడ్ చేయించి దిర్హామ్‌లలో మళ్లీ కొట్టించాలి. నాలుగు రోజులాగి వస్తువు వాపసిస్తే మాత్రం, రీఫండ్‌ను ఆ రోజు రేటుకు మళ్లీ రూపాయల్లోకి మారుస్తారు. కట్టిందంతా తిరిగి రాకపోవచ్చు.

ఏటీఎం దగ్గర ఈ ప్రేమకు కాస్త బెదిరింపు కూడా తోడవుతుంది. 'గ్యారంటీ రేటు' అని పెద్ద అక్షరాల్లో ఊరించి, పక్కన Decline conversion అన్న బటన్ పెడతారు. డిక్లైన్ అంటే డబ్బులే రావేమోనని టెన్షన్ పడి మనవాళ్లు ఆ గ్యారంటీ రేటుకు ఒప్పుకునే బటనే నొక్కుతారు. అక్కడ కాదనేది కన్వర్షన్‌ను మాత్రమే. నోట్లు దిర్హామ్‌లలోనే, నిక్షేపంగా బయటికొస్తాయి.