సంచిలో పచ్చి నిమ్మకాయ వెయ్యండి

సెలవులకి నెల్లూరో ఒంగోలో వెళ్ళేటప్పుడు ఊరి బడికి సైన్సు కిట్లు పట్టుకెళ్ళడం మనలో చాలామందికి అలవాటు. జ్ఞానేంద్రియాల పాఠానికని కొనే కిట్టులో రంగు సంచి, ప్లాస్టిక్ పండ్లు, అచ్చేసిన పట్టిక ఉంటాయి. ఆ డబ్బుని ఇంకోలా ఖర్చు పెట్టమని నా మనవి. ప్లాస్టిక్ మామిడికీ ప్లాస్టిక్ అరటికీ వాసన ఒకటే, రెండూ డొల్లే. పిల్లల చేతికి తెలిసేది ఆకారం ఒక్కటే.

అంతకంటే పెద్ద ఇబ్బంది పట్టికతో. ఇంద్రియాలు ఐదు కాబట్టి ఐదు గడులు గీసి, వాటికి ముందు 'వస్తువు పేరు' అని ఇంకో గడి పెడతారు. సంచిలో నిమ్మకాయ ఉందనుకోండి. పిల్ల చెయ్యి పెట్టగానే గుర్తుపట్టి పేరు రాసేస్తుంది. ఆ తర్వాత రంగు: పసుపు, రుచి: పులుపు, వాసన: బాగుంది అని గడులన్నీ నింపేస్తుంది. చూడలేదు, నాకలేదు, వాసన కూడా చూడలేదు. తనకి ముందే తెలిసింది రాసిందంతే. టీచరు దానికే టిక్కు పెడితే పాఠం అక్కడే పోయినట్టు.

అందుకే పచ్చి నిమ్మకాయ వెయ్యమంటున్నాను. గూడూరు, పొదలకూరు పక్కన దానికి కరువు లేదు. పసుపని రాసిన పిల్ల సంచిలోంచి ఆకుపచ్చ కాయ తీసినప్పుడు, "పసుపని నీకు చెప్పింది చెయ్యా?" అని టీచరు అడిగితే చాలు. వేళ్ళకి తెలిసిందేదో, మనసు ఊహించిందేదో తరగతి మొత్తానికీ అర్థమవుతుంది.

పట్టికలో గడులు ఈ వరసలో ఉండాలి: సంచి నంబరు, విన్నది, వాసన, తాకితే తెలిసింది, నా ఊహ, చూశాక. రుచి గడి అసలు వద్దు. సంచిలోది ఏదీ నోట్లో పెట్టకూడదు. ఉప్పు, పంచదార చెంచాతో ఇచ్చి రుచిని ఇంకో రోజు చెప్పుకోవచ్చు. తాకడం చివరికి ఉంచింది ఎందుకంటే, చేతికి తెలిశాక ముక్కు, చెవి పనిచెయ్యడం మానేస్తాయి. రాత పెన్నుతోనే రాయించాలి. పెన్సిలిస్తే వస్తువు బయటికి రాగానే తప్పు ఊహలన్నీ రబ్బరు కింద మాయమైపోతాయి. మనకి కావలసింది ఆ తప్పులే.

సంచికి పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా చాలు. చేతిని మోచేతికి కాస్త పైన కత్తిరించి, కత్తిరించిన కొస కుట్టెయ్యాలి. మణికట్టు దగ్గర గుండీ పెడితే మూతి బిగుసుకుంటుంది, లోపలికి తొంగిచూడలేరు. ముదురు రంగుది తీసుకోండి. వాసన సబ్బుతో మాత్రం ఉతకొద్దు, నిమ్మకాయ బదులు సబ్బు వాసనే రాస్తారు.

ముప్పై మందికి ఆరు సంచులు, జట్టుకి ఐదుగురు. వస్తువులు మూడే, ఒక్కోటి రెండు సంచుల్లో. సంచి ముందు ఊపి వినడానికి ఒక చుట్టు తిరగాలి, అందరూ రాశాక వాసనకి ఒక చుట్టు, ఆఖరున తాకడానికి. ఒక సంచికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. మూడు సంచులయ్యేసరికి పీరియడ్‌లో పదిహేను నిమిషాలు మిగులుతాయి, విప్పి మాట్లాడుకోవడానికి అవి కావాలి. నిమ్మ వాసన తొక్కలోని నూనె తిత్తుల్లో ఉంటుంది, అవి చిట్లితేనే బయటికొస్తుంది. కాబట్టి వాసన చుట్టుకి ముందు టీచరే గోటితో చిన్న గీత పెట్టాలి. ముందే గీరితే గుడ్డకి పట్టేసి, ఊపేటప్పుడే పేరు తెలిసిపోతుంది.

మిగిలిన రెండు వస్తువులు చీమకుర్తి గ్రానైటు ముక్క, అంతే సైజు టేకు ముక్క. రెండింటి అంచులూ అరగదీసి ఉండాలి. రాత్రంతా ఒకే గదిలో ఉన్నా రాయి చల్లగా, చెక్క మామూలుగా తగులుతుంది. నిజానికి రెండింటి వేడీ ఒకటే. రాయి మన వేలి వేడిని గబగబా లాగేసుకుంటుంది, చెక్క అలా లాగదు. చర్మానికి తెలిసేది పోయే వేడే గానీ, వస్తువు ఎంత వేడిగా ఉందన్నది కాదు. ఇది పొద్దున మొదటి పీరియడ్‌లోనే చెయ్యండి. జూన్‌లో బడి తెరిచిన కొత్తలో, మధ్యాహ్నం గది వేడి చర్మం వేడికి సమానమైతే రెండూ ఒకేలా తగులుతాయి. ఇంకా ఎక్కితే రాయే వెచ్చగా అనిపిస్తుంది. టీచరు చల్లగా ఉందని రాయమంటే, పిల్లలు చెయ్యి మాట పక్కనపెట్టి టీచరు మాటే రాస్తారు.

ఊళ్ళో దొరుకుతాయి కదా అని ఎండుమిరపకాయ, పొగాకు, గూడూరు అభ్రకం పెంకులు వెయ్యొద్దు. మిరప ఘాటు కళ్ళకి చేరుతుంది, పెంకులు వేళ్ళలో దిగుతాయి. ఇదే పాఠం ఇక్కడ మన ఆదివారం తెలుగు తరగతుల్లో చేస్తే వేరుశనక్కాయ కూడా మానెయ్యాలి, పడని పిల్లలుంటారు.

మాటల జాబితా పట్టిక మీద అచ్చెయ్యకండి, ఎదురుగా ఉన్నదానికి టిక్కు పెట్టేస్తారు. మొదటి సంచికి అందరూ 'గట్టిగా ఉంది' అనే రాస్తారు, రాయనివ్వండి. అప్పుడు నున్నగా, గరుకుగా, గుంటలు గుంటలుగా, మొన తేలి అని వాళ్ళ నోట వచ్చిన మాటల్నే బోర్డు మీద రాసి, రెండో సంచి తిప్పండి.