బీపీ మాత్ర మార్చే ముందు నొప్పి మాత్ర సంగతి చూడండి

"ఏయే మందులు వాడుతున్నారు?" అని డాక్టర్ అడిగితే చాలామంది బీపీ మాత్ర, షుగర్ మాత్ర పేర్లు చెప్పి ఊరుకుంటారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోళీలు, జలుబు మాత్ర, తేనెలో కలుపుకునే అతిమధురం పొడి ఆ లెక్కలోకి రావు. అదుపులో ఉన్న బీపీ ఉన్నట్టుండి పెరిగితే మొదట వెతకాల్సింది వీటినే.

58 ఏళ్ల గృహిణిని ఉదాహరణగా తీసుకుందాం. టెల్మిసార్టాన్ 40, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే నీటి మాత్ర హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు కలిసిన మాత్రతో ఆమె బీపీ 130/80 దగ్గర నిలకడగా ఉంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ 50 రోజుకు రెండు చొప్పున మొదలుపెట్టారు. మూడు వారాలకు బీపీ 142/86కు చేరింది. బరువు కిలోన్నర పెరిగింది, సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోతున్నాయి. చెకప్‌లో నొప్పి మాత్ర ప్రస్తావనే రాకపోవడంతో టెల్మిసార్టాన్ 80 అయింది, దానికి అమ్లోడిపిన్ తోడైంది. అమ్లోడిపిన్‌తోనూ పాదాలు వాచే అవకాశం ఉంది కాబట్టి, ఇక ఆ వాపు ఎందువల్ల వచ్చిందో తేల్చడం మరీ కష్టం.

నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలే కిడ్నీలో రక్తనాళాలు బిగుసుకోకుండా చూస్తాయి, ఒంట్లో ఎక్కువైన ఉప్పును మూత్రంలోకి పంపడానికి సాయపడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి వాటి తయారీని తగ్గిస్తాయి. నొప్పి తగ్గుతుంది, కానీ ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి. బీపీ సగటున 3 నుంచి 5 పాయింట్లే పెరిగినా, కొందరిలో పెరుగుదల అంతకు చాలా ఎక్కువ. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మందులు, నీటి మాత్రలు కిడ్నీ మీద ఆధారపడి పనిచేస్తాయి కాబట్టి వాటి బలం తగ్గుతుంది. అమ్లోడిపిన్ మీద ఈ ప్రభావం తక్కువ.

ఆమె విషయంలో బీపీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కిడ్నీ. టెల్మిసార్టాన్, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిసినప్పుడు కిడ్నీ వడపోతకు కావాల్సిన ఒత్తిడి పడిపోవచ్చు. దానికి ఎండదెబ్బో, వాంతులు విరేచనాలో తోడైతే కిడ్నీ పనితీరు తగ్గిందని చెప్పే క్రియాటినిన్ కొద్ది రోజుల్లోనే పెరగవచ్చు. మూత్రం తగ్గితే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లి, క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవాలి.

కారణం నొప్పి మాత్రేనా అని తేల్చుకోవడానికి డాక్టర్‌కు చెప్పి దాన్ని ఆపాలి, బీపీ మాత్రలను మాత్రం ఆపకూడదు. ఉదయం, రాత్రి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండేసి సార్లు బీపీ చూసి రాసుకోవాలి. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో అంకెలు దిగుతాయి. అప్పుడు పెంచిన డోసు ఎక్కువైపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు, కాబట్టి డోసు తగ్గించే విషయం కూడా డాక్టర్‌తో మాట్లాడాలి. గుండె కోసం రాసిన ఆస్పిరిన్ 75ను నొప్పి మాత్ర అనుకుని సొంతంగా మానేయడం ప్రమాదం. ఆ డోసు బీపీని పెంచదు.

మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ మేలు, మాత్రతో పోలిస్తే దాని మందు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అవసరమైన రోజున పారాసెటమాల్ వేసుకోవచ్చు. అదీ పూర్తిగా అమాయకమైనది కాదు. ఎడిన్‌బరోలో చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, బీపీ ఉన్నవారు రోజుకు 4 గ్రాముల చొప్పున రెండు వారాలు వాడితే పై అంకె దాదాపు 5 పాయింట్లు పెరిగింది. నీళ్లలో బుస్సుమని కరిగే రకంలో సోడియం కూడా ఉంటుంది. కొన్ని బ్రాండ్లలో ఒక్కో మాత్రకు 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే గ్రాము ఉప్పుతో సమానం.

జలుబు మాత్ర కొనేటప్పుడు స్ట్రిప్ వెనక్కి తిప్పి ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ పేర్లు ఉన్నాయేమో చూడండి. ముక్కులో వాపు తగ్గించడానికి ఇవి రక్తనాళాలను బిగిస్తాయి, ఆ బిగింపు ముక్కుకే పరిమితం కాదు. పైగా నోటి ద్వారా వేసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కుదిబ్బడను తగ్గించడం లేదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం తేల్చింది. బీపీ ఉన్నవారికి ఉప్పునీటి నాసల్ స్ప్రే చాలు.

"చెట్టు మందే కదా" అని ధీమాగా వాడే అతిమధురాన్ని నేను వీటికంటే తక్కువ అనుమానంతో చూడను. అందులోని గ్లిసిరైజిన్, కిడ్నీలో కార్టిసాల్ అనే హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాల్, ఉప్పును పట్టి ఉంచే హార్మోన్‌లా ప్రవర్తిస్తుంది. ఉప్పు నిలుస్తుంది, పొటాషియం పోతుంది. వేరులో గ్లిసిరైజిన్ 4 శాతం ఉందనుకుంటే 3 గ్రాముల పొడిలో 120 మిల్లీగ్రాములు ఉంటుంది. 2024లో ప్రచురించిన స్వీడన్ అధ్యయనంలో రోజుకు 100 మిల్లీగ్రాములతోనే రెండు వారాల్లో బీపీ పెరిగింది. దగ్గుకో, కడుపులో మంటకో రోజూ చెంచాడు తీసుకునేవారు నీటి మాత్ర కూడా వాడుతుంటే పొటాషియం రెండు దారుల్లో పోతుంది. పిక్కలు పట్టేయడం, కాళ్లలో సత్తువ లేకపోవడం దానికి గుర్తులు. పొడి ఆపిన మరుసటి రోజే బీపీ దిగదు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చూసిన అంకెలను బట్టి, బీపీకి పొడితో సంబంధం లేదని తేల్చేయకూడదు.