ముప్పై పేజీల ముందుమాట, పేజీన్నర సరుకు

సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ స్పెసిఫికేషన్, అంటే మనం ఎస్ఆర్ఎస్ అని పిలుచుకునే పత్రం, ఎట్లా రాయాలో ఐఈఈఈ సంస్థ 1998లో 830 నంబరు ప్రమాణంలో వివరంగా చెప్పింది. తర్వాత దాని స్థానంలో 29148 అనే కొత్త ప్రమాణం 2011లో వచ్చింది, 2018లో దాన్ని మళ్లీ సవరించారు కూడా. ఆ వార్త కాజీపేట జంక్షన్ దాకా వచ్చి ఆగిపోయినట్టుంది. హన్మకొండ, వరంగల్‌లో ఫైనలియర్ ప్రాజెక్టు నుంచి కంపెనీ కాంట్రాక్టు దాకా ఇప్పటికీ 830 నాటి విషయసూచికే నడుస్తోంది. సీనియర్ ఇచ్చిన ఫైల్లో అదే ఉంటుంది, పెద్దలిచ్చిన ఆస్తిని పాడు చేయకూడదు కదా.

నిజానికి ఆ విషయసూచికలో తప్పేమీ లేదు. మూడే భాగాలు. మొదటిది పరిచయం: ఈ పత్రం దేనికి, సాఫ్ట్‌వేర్ ఎంతవరకు చేస్తుంది, పదాలకు అర్థాలు. రెండోది మొత్తం వివరణ: వాడేవాళ్లెవరు, పరిమితులేంటి, మనం నమ్ముకుంటున్న ఊహలేంటి. మూడోది నిర్దిష్ట అవసరాలు. డిజైన్ చేసేవాడు దాన్ని చూసి డిజైన్ చేయగలగాలి, టెస్టర్ దాన్ని చూసి పరీక్షించగలగాలి, అంత వివరంగా మూడో భాగం ఉండాలని ప్రమాణం చెప్తుంది. సాధారణంగా అన్నిటికంటే పెద్దది, ముఖ్యమైనది ఇదే అని కూడా అంటుంది.

ఈ ఒక్క మాటను మనవాళ్లు తెలివిగా సవరించారు. మనది పెళ్లి పత్రిక పద్ధతి. తాతముత్తాతల పేర్లు, ఊళ్లు, డిగ్రీలు పెద్దక్షరాల్లో వేసి, ఫంక్షన్ హాల్ ఎక్కడో చివర చిన్నగా వేస్తాం.

నా ముందు ఇప్పుడు ఒక ఎస్ఆర్ఎస్ ఉంది. ఎనుమాముల యార్డులో మిర్చి కొనిపించే ఒక అడ్తి దుకాణం కోసం మన దగ్గరి కంపెనీ ఒకటి రాసింది. బస్తాలు తూకం వేయడం, రైతుకు బిల్లు ఇవ్వడం, ఇంతే పని. మొదటి రెండు భాగాలు ముప్పై పేజీలు, మూడోది పేజీన్నర. రచయితల నిగ్రహాన్ని మెచ్చుకోవాల్సిందే.

పదాల అర్థాల పట్టిక చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఇంటర్నెట్ అంటే ఏమిటో రాశారు, డేటాబేస్ అంటే ఏమిటో రాశారు, యూజర్ అంటే 'సిస్టమ్‌ను యూజ్ చేసేవాడు' అని కూడా రాశారు. లాట్, తాలు, కోత, ఖాళీ బస్తా బరువు అనే మాటలు మాత్రం లేవు. కోడ్ రాయబోయే కుర్రాడు బహుశా కాంటా కింద పుట్టి ఉంటాడని నమ్మారు కాబోలు. ఒక్క 'లాట్' సంగతే తీసుకోండి. ఒక రైతు ఒకే రోజు రెండు రకాల మిర్చి తెస్తే అది ఒక లాటా, రెండా? రేటు లాటు మీద పడుతుంది కాబట్టి బిల్లు స్వరూపమే దీని మీద ఆధారపడి ఉంటుంది. ఇంటర్నెట్‌కు ఇచ్చిన నాలుగు వాక్యాల్లో ఒకటి దీనికి ఇచ్చినా సరిపోయేది.

ఇక మూడో భాగం. బిల్లు గురించి అందులో ఉన్న మొత్తం సాహిత్యం ఇది: 'సిస్టమ్ బస్తాల బరువు ఆధారంగా రైతుకు చెల్లించాల్సిన మొత్తాన్ని ఖచ్చితంగా లెక్కించాలి.' ఖచ్చితంగా అనే మాట ఎంత ధైర్యాన్నిస్తుందో చూడండి. దాన్ని ముగ్గురు మంచి ప్రోగ్రామర్ల చేతిలో పెడదాం. మూడు బస్తాలు వచ్చాయనుకోండి: 41.6 కిలోలు, 42.7 కిలోలు, 40.8 కిలోలు. రేటు క్వింటాల్‌కు 14,000, అంటే కిలోకు 140 రూపాయలు. ఖాళీ బస్తా బరువు సంగతి తర్వాత చూద్దాం.

మొదటివాడు ప్రతి బస్తాలోనూ పాయింటు తర్వాతది వదిలేశాడు. 41, 42, 40 కలిపితే 123 కిలోలు, 17,220 రూపాయలు. రెండోవాడు ప్రతి బస్తానూ దగ్గరి కిలోకు సరిచేశాడు. 126 కిలోలు, 17,640 రూపాయలు. మూడోవాడు ఉన్నది ఉన్నట్టే కలిపాడు. 125.1 కిలోలు, 17,514 రూపాయలు. ముగ్గురూ పత్రంలో రాసినట్టే చేశారు, ముగ్గురివీ 'ఖచ్చితమైన' లెక్కలే. మూడు బస్తాలకే 420 రూపాయల తేడా. ఇలాంటివే ముప్పై బస్తాలు తెచ్చిన రైతుకు 4,200. పైగా మొదటివాడి పద్ధతిలో పోయేది ఎప్పుడూ రైతుదే, ఒక్క బస్తాలోనైనా అటు నుంచి ఇటు రాదు. ఎవరూ మోసం చేయలేదు, మీటింగులో ఎవరూ ఈ మాట ఎత్తలేదు. ఇంత పెద్ద నిర్ణయాన్ని కీబోర్డు దగ్గర కూర్చున్న కుర్రాడికి వదిలేయడం యువతరం మీద మనకున్న నమ్మకానికి నిదర్శనం.

పని చెడగొట్టాలనుకునే ఛాందసులు దీన్ని వేరే విధంగా రాస్తారు. 'బిల్-7: ప్రతి బస్తా బరువును కాంటా చూపినట్టే 100 గ్రాముల వరకు నమోదు చేయాలి. బస్తా దగ్గర రౌండ్ చేయకూడదు. లాటులోని బరువులన్నీ కలిపి, ఒక్కో బస్తాకు ఒప్పుకున్న ఖాళీ బస్తా బరువు తీసేసి, వచ్చిన నికర బరువును రేటుతో గుణించాలి. చివరి మొత్తాన్ని మాత్రమే దగ్గరి రూపాయికి సరిచేయాలి. సరిగ్గా 50 పైసలుంటే పై రూపాయికి.' దాని కింద మన మూడు బస్తాల లెక్కనే ఉదాహరణగా వేస్తారు: ఖాళీ బస్తా బరువు సున్నా అయితే 17,514 రావాలి. ఇట్లా రాస్తే టెస్టర్ పది నిమిషాల్లో పాస్ అని గానీ ఫెయిల్ అని గానీ తేల్చేస్తాడు. తర్వాత వాదించుకోవడానికి ఏం మిగులుతుంది? పైగా బిల్-7 అనే ఆ నంబరు ఒకటి. రేపు రౌండింగ్ మార్చాలంటే బిల్-7 ఒక్కటి మార్చి, దానికి కట్టిన టెస్టులు మాత్రం మళ్లీ నడిపితే చాలు. నంబర్లు లేని పేరాల్లో రాస్తే మొత్తం పత్రం మళ్లీ చదవాలి, అప్పుడే కదా కంపెనీ బిల్లు గంటల లెక్కన పెరిగేది.

అంటే మన పత్రంలో వివరాలే లేవనుకోకండి. ఉన్నాయి, దండిగా ఉన్నాయి. సేవ్ బటన్ నీలం రంగులో కుడివైపు ఉండాలట. టేబుల్ పేరు, కాలమ్ పేర్లు, వాటి పొడవు కూడా ఇచ్చారు. ఎస్ఆర్ఎస్ ఏం కావాలో చెప్పాలి, ఎట్లా చేయాలో డిజైన్‌కు వదలాలి అని 830 కోరుతుంది. మనవాళ్లు ఎట్లా చేయాలో చెప్పి, ఏం కావాలో డిజైనర్ ఊహకు వదిలారు. నీలం బటన్ నొక్కితే ఏం లెక్క జరగాలో తెలియదు గానీ, అది నీలంగానే ఉంటుంది.

కాంటాతో కనెక్షన్ గురించి ఒక వాక్యం రాశారు: 'ఎలక్ట్రానిక్ కాంటా నుంచి బరువు ఆటోమేటిక్‌గా వస్తుంది.' వస్తుంది, అనుమానం లేదు. చిక్కేమిటంటే చాలా కాంటాలు సీరియల్ పోర్టు గుండా బరువును ఆగకుండా పంపుతూనే ఉంటాయి. హమాలీ బస్తా దించేటప్పుడు అంకె పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగే అంకెను కూడా కాంటా పంపుతుంది. కొన్ని మోడళ్లు 'బరువు నిలబడింది' అనే గుర్తును కూడా అంకెతో పంపుతాయి, కొన్ని పంపవు. కాబట్టి ఏ మోడల్, ఎంత వేగంతో ఏ వరుసలో పంపుతుంది, నిలబడ్డ గుర్తు ఉందా, లేకపోతే వరుసగా ఎన్ని రీడింగులు ఒకేలా వస్తే తీసుకోవాలి, తీగ ఊడితే తెరమీద ఏం చూపాలి, ఇవన్నీ ఈ విభాగంలో ఉండాలి. లేకపోతే బస్తా కాంటాను తాకిన క్షణంలో ఉన్న అంకె బిల్లులోకి ఎక్కుతుంది. ఇట్లా జరుగుతోందని కనిపెట్టడం సులువే: అదే బస్తాను రెండుసార్లు తూస్తే రెండు బరువులు వస్తాయి. అప్పుడు అందరూ కాంటాను తిడతారు. పాపం, కాంటాకు ఎస్ఆర్ఎస్ చదివే అవకాశమే ఇవ్వలేదు.

చివర్లో మూడు ఆణిముత్యాలున్నాయి. సిస్టమ్ వేగంగా, సురక్షితంగా, యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి. బాగా పనిచేయాలి, ఇంటర్‌ఫేస్ మంచిగా ఉండాలి లాంటి మాటలు పరీక్షించడానికి వీలు కానివని 830 పేరు పెట్టి మరీ వద్దంటుంది. నూటికి 95 లావాదేవీలు ఒక సెకను లోపు పూర్తి కావాలి అన్నట్టు అంకెలతో రాయమంటుంది. మన యార్డుకైతే ఇంకో మాట కలపాలి: ఫిబ్రవరి, మార్చి సీజన్లో, ఎన్ని కాంటాలు ఒకేసారి నడుస్తుండగా? ఖాళీ ఆఫీసులో ఒకే ల్యాప్‌టాప్ మీద చూపించిన వేగం ఎవరికి ఉపయోగం? కానీ అంకె రాస్తే ఆ అంకెకు కట్టుబడాలి. 'వేగంగా' అని రాస్తే ఎవరి వేగం వారిది.

సురక్షితంగా అనేది కూడా అంతే. సేవ్ అయిన బరువును ఎవరు మార్చొచ్చు, మార్చితే పాత అంకె ఎక్కడ నిలుస్తుంది అనే రెండు ప్రశ్నలకు జవాబు రాస్తే సగం పని అయ్యేది. రాయలేదు.

ఆమోదం పేజీలో నాలుగు సంతకాలున్నాయి. ప్రాజెక్టు మేనేజరు, టీమ్ లీడ్, క్వాలిటీ వాళ్లు, దుకాణం యజమాని కొడుకు. యజమాని కొడుకు బీటెక్ కాబట్టి చదవకుండానే అర్థం చేసుకున్నాడు. రోజూ కాంటా పట్టే మనిషిని ఎవరూ పిలవలేదు. డెమో రోజున మాత్రం ఆయన కూలర్ పక్కన నిలబడి కాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

"సార్, బస్తా చినిగితే మిర్చి ఇంకో బస్తాలకు మార్చి మళ్ల తూకం పెడ్తం. గప్పుడు ముందు ఎక్కిన బరువు ఏమైతది?"

టీమ్ లీడ్ వెంటనే లేచి స్క్రీను మీద నీలం బటన్ చూపించాడు. చాలా బాగుందన్నారు అందరూ. సాయంత్రానికి బస్తాలు చినగరాదనే వాక్యం రెండో భాగంలో, ఊహల కింద చేరింది.