ఎత్తు కాలమ్‌లో చుక్క పెట్టకండి

మొన్న ఆదివారం నల్లగొండలో మా కానిస్టేబుల్ కోచింగ్ పిల్లల షీట్ సరిచేస్తూ రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాను. అప్పటి నుంచి ఈ విషయం రాయాలని ఉంది. కొంచెం పెద్ద పోస్ట్. కానీ ఊళ్లలో పోరగాళ్లకు కోచింగ్ ఇచ్చేవాళ్లు, ఫారాలు నింపేవాళ్లు, షీట్లు చూసేవాళ్లు దయచేసి చివరి దాకా చదవండి.

మాది చిన్న శిబిరం. దేవరకొండ, హాలియా, మునుగోడు, నకిరేకల్ వైపు నుంచి వచ్చే పిల్లలకు పొద్దున గ్రౌండ్‌లో రన్నింగ్, సాయంత్రం క్లాసులు. పేరు రాసుకునేటప్పుడు ఎత్తు కూడా అడుగుతాం. తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు కనీసం 167.6 సెంటీమీటర్లు, ఆడపిల్లలకు 152.5 ఉండాలి. అది లేకపోతే ఎంత పరుగెత్తినా లాభం లేదు. మన పిల్లల్లో సెంటీమీటర్లలో చెప్పేవాళ్లు ఒక్కరూ ఉండరు. "ఐదు ఏడు అన్నా", "ఐదున్నర ఉంటా సార్", ఇట్లనే చెప్తారు. దాన్ని షీట్‌లోకి ఎక్కించే దగ్గరే అసలు నష్టం జరుగుతోంది.

మాకంటే ముందు వేరే కోచింగ్ వాళ్లు తయారుచేసిన షీట్ ఒకటి మా చేతికి వచ్చింది. అందులో ఎత్తు కాలమ్‌లో 5.5, 5.7, 5.11 అని ఉన్నాయి. పక్క కాలమ్‌లో దాన్ని 30.48తో గుణించి సెంటీమీటర్లు తీశారు. అడుగుకు 30.48 సెంటీమీటర్లు కరెక్టే కదా, ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. తప్పంతా ఆ చుక్కలో ఉంది. మనం రాసే 5.5లో చుక్క తర్వాతి ఐదు అంటే ఐదు అంగుళాలు. ఎక్సెల్‌కు మాత్రం అది అడుగులో పదో వంతులు ఐదు, అంటే అర అడుగు, అంటే ఆరు అంగుళాలు. అడుగుకు పన్నెండు అంగుళాలు, దశాంశానికి పది. ఈ రెండూ ఎప్పుడూ కలవవు.

ఇప్పుడు లెక్క చూడండి. ఐదడుగుల ఐదంగుళాలు అంటే మొత్తం 65 అంగుళాలు, సరిగ్గా 165.1 సెంటీమీటర్లు. ఆ షీట్ 5.5ను 30.48తో గుణించి 167.64 చూపించింది. కావాల్సింది 167.6. అంటే రెండున్నర సెంటీమీటర్లు తక్కువ ఉన్న పిల్లవాడిని ఆ షీట్ సరిగ్గా గీత పైన నిలబెట్టి పాస్ చేసింది. హాలియా వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు అట్లనే నాలుగు నెలలు ప్రాక్టీస్ చేశాడు. మేము గోడకు టేపు అంటించి కొలిచిన రోజు వాడి ముఖం చూడలేకపోయాను. "అన్నా, షీట్‌లో పచ్చ రంగు వచ్చింది గదా" అన్నాడు.

దీనికి తలకిందులుగా ఇంకొకటి. దేవరకొండ నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఐదడుగుల పది అంగుళాలు, అంటే 177.8 సెంటీమీటర్లు. వాడి ఎత్తు 5.10 అని టైప్ చేశారు. అది అంకె అనుకుని ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 5.1 చేసింది. గుణిస్తే 155.4. ఆరడుగులకు రెండు అంగుళాలే తక్కువ ఉన్న పిల్లవాడు ఎర్ర రంగులోకి పోయాడు, అర్హుల లిస్టులో పేరు లేదు.

నా కోపం గుణకారం మీద కాదు. ఫార్ములా తప్పయితే మార్చుకోవచ్చు. కానీ 5.1 అని మిగిలిన సెల్‌ను ఏ ఫార్ములా బాగుచేయలేదు. అది ఐదడుగుల ఒక అంగుళమా, పది అంగుళాలా? ఆ సున్నాతో పాటు సమాచారమే పోయింది. 5.5 కూడా అంతే. ఒకడు ఐదు ఐదు అనే అర్థంలో రాస్తాడు. ఇంకొకడు ఐదున్నర అడుగులు కాబట్టి 5.5 అని రాస్తాడు, వాడు నిజంగా ఐదడుగుల ఆరంగుళాలే, 167.64, పాస్. సెల్‌లో ఇద్దరివీ ఒకే అంకె. మన భాషలో "ఐదున్నర" అన్న మాట ఎంత మామూలుగా వాడతామో తెలుసు కదా. సరిగ్గా పాస్ ఫెయిల్ తేలే చోటే ఈ అయోమయం.

అందుకే నా మాట ఒకటే: అడుగులు అంగుళాల ఎత్తు అంకె కాదు, అది టెక్స్ట్. దాన్ని 5'7" అని టెక్స్ట్‌గా రాసి, టెక్స్ట్ ఫంక్షన్లతోనే విడదీయాలి. టైప్ చేసే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాలి. తర్వాత మారిస్తే పోయిన సున్నా తిరిగి రాదు. గీత పెట్టి 5-7 అని రాస్తే ఇంకో తంటా, ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. సెల్‌లో జులై నెల కనిపిస్తే అదే జరిగిందని అర్థం.

ఇప్పుడు విడదీసే పని. చాలామంది నేరుగా ' గుర్తును వెతికే ఫార్ములా రాసి, సగం వరుసల్లో #VALUE! వచ్చిందని వదిలేస్తారు. కారణం ఆ గుర్తే. పేర్లన్నీ వర్డ్‌లో టైప్ చేసి షీట్‌లో అతికిస్తే, వర్డ్ నిటారు గుర్తులను వంపు గుర్తులుగా మార్చి ఉంటుంది. కంటికి ఒకేలా ఉంటాయి కానీ ఎక్సెల్‌కు అవి వేరే అక్షరాలు. కొందరు అంగుళాల గుర్తు బదులు ' రెండుసార్లు కొడతారు. కొందరు మధ్యలో ఖాళీ వదులుతారు. కాబట్టి ముందు శుభ్రం చేయాలి. ఎత్తు A2లో ఉంటే B2లో ఇది:

```
=SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(A2," ",""),CHAR(34),""),UNICHAR(8221),""),UNICHAR(8217),"'")
```

లోపలి నుంచి చదవండి. మొదట ఖాళీలు తీసేస్తుంది. తర్వాత అంగుళాల గుర్తును, నిటారుగా ఉన్నా వంపుగా ఉన్నా, తీసేస్తుంది. దానితో మనకు పనిలేదు, అడుగుల గుర్తు తర్వాత ఉన్నవి అంగుళాలే కదా. చివరగా వంపు అడుగుల గుర్తును నిటారు గుర్తుగా మారుస్తుంది. CHAR(34) అంటే " గుర్తే. ఫార్ములాలో ఆ గుర్తును నేరుగా రాస్తే గందరగోళం అవుతుంది కాబట్టి దాని నంబర్ ఇచ్చాను.

ఇక C2లో అడుగుల భాగం, D2లో అంగుళాల భాగం, E2లో సెంటీమీటర్లు:

```
=LEFT(B2,FIND("'",B2)-1)*12
="0"&SUBSTITUTE(MID(B2,FIND("'",B2)+1,9),"'","")
=ROUND((C2+D2)*2.54,1)
```

హాలియా తమ్ముడి సెల్‌నే తీసుకుందాం. వాడి ఎత్తు 5'5" అని వర్డ్ నుంచి వచ్చిందనుకోండి, రెండూ వంపు గుర్తులే. శుభ్రం చేశాక 5'5 మిగిలింది, మూడు అక్షరాలు. FIND రెండో స్థానం అని చెప్పింది, LEFT దానికి ముందున్న ఒక అక్షరం, 5, తీసుకుంది. పన్నెండుతో గుణిస్తే 60. MID మూడో స్థానం నుంచి మిగతాదంతా తీసుకుంది, అది 5. రెండూ కలిపితే 65, 2.54తో గుణిస్తే 165.1. టేపు చూపించింది కూడా దాదాపు అదే. దేవరకొండ అబ్బాయిది 5'10'' అని రాశారనుకోండి, MID 10'' తెస్తుంది, దాని మీద ఉన్న SUBSTITUTE ఆ రెండు గుర్తులను తుడిచేస్తుంది. 70 అంగుళాలు, 177.8. ఇక్కడ 2.54 అనేది ఉజ్జాయింపు అంకె కాదు. 1959 నుంచి అంతర్జాతీయంగా అంగుళం అంటే సరిగ్గా 2.54 సెంటీమీటర్లే. అందుకని అడుగుకు 30, అంగుళానికి 2.5 అని నోటి లెక్క వేయకండి. ఐదడుగుల ఆరు అంగుళాలు ఆ లెక్కన 165కు పడిపోయి, పాస్ అయ్యేవాడు ఫెయిల్ అవుతాడు.

D2లో ముందు పెట్టిన ఆ "0" ఎందుకో చెప్పాలి. ఆడపిల్లల్లో చాలామంది సరిగ్గా ఐదడుగులు. వాళ్లు 5' అని రాసి ఊరుకుంటారు, అంగుళాల చోట ఏమీ ఉండదు. ఖాళీ టెక్స్ట్‌ను కూడమంటే ఎక్సెల్ #VALUE! ఇస్తుంది. ముందు సున్నా అతికిస్తే ఖాళీ 0 అవుతుంది, 7 ఉంటే 07 అవుతుంది, విలువ మారదు. ఆ పిల్లల విషయంలో ఇంకో మాట. ఐదడుగులు అంటే 152.4 సెంటీమీటర్లు. నోటిఫికేషన్ అడిగేది 152.5. ఒక్క మిల్లీమీటర్ తేడా. ఫార్ములా సరిగ్గా ఉన్నా ఆమెను ఫెయిల్ అనే అంటుంది, కానీ ఆమె "ఐదడుగులు" అన్నప్పుడు ఆ మాటలోనే అటూ ఇటూ సెంటీమీటర్ తేడా ఉంటుంది. అందుకే గీతకు అటు ఇటు అంగుళం లోపల ఉన్నవాళ్లను నేను షీట్‌తో తేల్చను, పసుపు రంగు వేసి గోడ దగ్గరికి పిలుస్తాను. ఏ పాస్ ఫెయిల్ షీట్‌లోనూ పూర్తి సెంటీమీటర్లకు రౌండ్ చేయకండి. రౌండ్ చేస్తే 167.4 ఉన్నవాడు 167 అవుతాడు, 167.6 ఉన్నవాడు 168 అవుతాడు. అసలు తేడా ఎంతో షీట్‌లో కనిపించదు.

ఇంకొక్క కాలమ్ తప్పకుండా పెట్టుకోండి, ఏది నమ్మొచ్చో ఏది నమ్మకూడదో చెప్పడానికి:

```
=IF(ISTEXT(A2),IFERROR(IF(D2+0<12,"సరే","మళ్లీ అడగాలి"),"మళ్లీ అడగాలి"),"మళ్లీ అడగాలి")
```

సెల్‌లో అంకె ఉంటే, అంటే 5.5 లాంటిదో తేదీగా మారిందో ఉంటే, అది టెక్స్ట్ కాదు కాబట్టి మళ్లీ అడగమంటుంది. 5'13 లాంటి టైపింగ్ తప్పు కూడా దొరుకుతుంది, పన్నెండు అంగుళాలు దాటవు కదా. మా షీట్‌లో ఇది పెట్టగానే పాత షీట్ నుంచి వచ్చిన వరుసలన్నీ "మళ్లీ అడగాలి" అయ్యాయి. కొందరు మా వాళ్లు "అన్నా, చుక్కను ' గుర్తుగా మార్చేస్తే పోలే?" అన్నారు. పోదు. 5.7 లాంటివి మార్చొచ్చేమో కానీ 5.1, 5.5 దగ్గర మనం పిల్లల తరఫున ఊహిస్తున్నట్టు. ఊహించే హక్కు నాకు లేదు.

అందుకని ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. "తమ్మీ, ఐదడుగుల ఎన్ని అంగుళాలు? సరిగ్గా చెప్పు, ఐదున్నర అనకు" అని అడిగి 5'6" అని నేనే టైప్ చేశాను. 5.1 ఉన్న ముగ్గురిలో ఇద్దరు పది అంగుళాలవాళ్లే తేలారు. మూడో అబ్బాయి ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తోంది. వాడి ఊరివాళ్లు ఎవరైనా ఈ పోస్ట్ చూస్తే, ఎర్ర రంగు చూసి మానేసి ఉంటే, ఒకసారి గ్రౌండ్‌కు వచ్చి టేపు దగ్గర నిలబడమని చెప్పండి. పొద్దున ఐదున్నరకు అక్కడే ఉంటాం.