ష్యూరిటీ సంతకానికి తెలుగు కావాలి

తోటి ఉద్యోగి చీటీ పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే ఇద్దరు ష్యూరిటీలు కావాలి. మధ్యాహ్నం భోజనాల వేళ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఒక్క సంతకం అన్నా" అంటాడు. కాదనడం కష్టం. సంతకం పెట్టే చోటికి కాస్త పైన ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది: పై విషయాలన్నీ నాకు చదివి వినిపించారు, నాకు అర్థమయ్యాయి. చదివి వినిపించినవారు లేరు, అర్థమైందీ లేదు. అయినా సంతకం పడుతుంది. రేపు తేడా వస్తే ఆ సంతకమే సాక్ష్యం.

ఒప్పందాలను వాడుక తెలుగులోకి తేవాలని అందరూ అంటారు. మేమూ అంటున్నాం. కానీ సులభం చేసే తొందరలో మనిషి నెత్తిన ఉన్న బాధ్యతే మారిపోతే, అర్థంకాని పాత కాగితం కన్నా అర్థమయ్యే కొత్త కాగితం ఎక్కువ హాని చేస్తుంది. చీటీ ష్యూరిటీ పత్రంలో కనిపించే తరహా షరతునే తీసుకుందాం. ఇది మేము నమూనాగా రాసినది.

"చందాదారు వాయిదా చెల్లించుటలో తప్పినచో, వ్రాతమూలకముగా డిమాండు చేసిన మీదట, హామీదారులు సంయుక్తముగాను విడివిడిగాను, మిగిలియున్న యావత్తు వాయిదాలను వడ్డీ, ఖర్చులతో సహా ఏకమొత్తముగా చెల్లించుటకు బద్ధులై యున్నారు. చందాదారునకు గడువు ఇచ్చినను, ఇతర సెక్యూరిటీలను విడుదల చేసినను సదరు బాధ్యత తగ్గదు."

దీన్ని సులభం చేయమంటే చాలామంది ఇలా రాస్తారు: "సభ్యుడు కట్టకపోతే ఇద్దరు ష్యూరిటీలు కలిసి బాకీ కట్టాలి." హాయిగా ఉంది. కానీ ఇది వేరే ఒప్పందం.

తేడా ఎంతో లెక్కలో చూద్దాం. నెలకు 10,000 చొప్పున 50 నెలల చీటీ. సభ్యుడు 12వ నెలలో పాడుకున్నాడు, 22 నెలలు సక్రమంగా కట్టి 23వ నెలలో ఆపేశాడు. "బాకీ" అనే మాట చదివిన ష్యూరిటీ ఆ నెల 10,000 గురించే అనుకుంటాడు. అసలు షరతు ప్రకారం మిగిలిన 28 వాయిదాలూ, అంటే 2,80,000 రూపాయలు, ఒకేసారి అడగవచ్చు. "కలిసి" అన్నందుకు ఇద్దరం చెరి సగం అనుకుంటారు. "సంయుక్తముగాను విడివిడిగాను" అంటే చెరి సగం కాదు. రెండో ష్యూరిటీ దొరక్కపోతే, లేదా అతని జీతం కన్నా మీ జీతం మీద వసూలు సులభమైతే, మొత్తం 2,80,000 మీ ఒక్కరి నుంచే రాబట్టుకోవచ్చు. తన వాటాకు మించి కట్టినవారు తర్వాత రెండో ష్యూరిటీని అడగవచ్చు. అది ఆ ఇద్దరి మధ్య లెక్క, కంపెనీకి సంబంధం లేదు.

"కట్టకపోతే" అనే మాటతోనూ చిక్కు ఉంది. ముందు సభ్యుడి వెంట పడతారు, అతని దగ్గర ఏమీ రాకపోతేనే మన దాకా వస్తారని జనం అనుకుంటారు. చట్టం అలా లేదు. ఒప్పందంలో వేరే మాట రాసుకోకపోతే ష్యూరిటీ బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతోంది. ముందు బాకీదారు మీద వసూలు ప్రయత్నాలన్నీ పూర్తిచేయాలనడం కుదరదని 1968లో సుప్రీంకోర్టు బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో తేల్చింది. కాబట్టి సులభం చేసేవారు "ముందు అతన్ని అడగాల్సిన పని కంపెనీకి లేదు" అని బయటికి రాయాలి. మూలంలో మాటల్లో లేకపోయినా ఈ అర్థం ఉంది. రాయకపోతే చదివేవారి మనసులో లేని షరతు ఒకటి చేరుతుంది.

ఇక "వ్రాతమూలకముగా డిమాండు చేసిన మీదట". ఇదేదో అలంకారం అనుకుని కొట్టేయడం మామూలు. చీటీ పాడుకుని వాయిదాలు ఆపినవారిని మిగతావన్నీ ఒకేసారి కట్టమనాలంటే రాతపూర్వకంగా అడిగి తీరాలని 1982 చిట్‌ఫండ్స్ చట్టమే అంటోంది. పైగా, అడిగినప్పుడు కడతానని ఇచ్చిన హామీలో కేసు వేసే గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది కూడా ఆ డిమాండు మీదే ఆధారపడుతుందని 2006లో సిండికేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట తీసేస్తే తేదీలే మారిపోతాయి.

దీన్ని తెలుగులో పెట్టబోతే ఒక చోట కలం ఆగాలి. డిమాండు ఎవరికి చేయాలి? సభ్యుడికా, ష్యూరిటీకా? మూలంలో లేదు. తెలుగు వాక్యం కర్త లేకుండా, ఎవరికో చెప్పకుండా కూడా చక్కగా నడుస్తుంది. "నోటీసు ఇవ్వాలి" అంటే మనకు లోటు కనిపించదు. "చెల్లించగలరు" అన్నది ఆదేశమో, మర్యాదో, స్తోమతో తెలియదు. అందుకే ప్రతి వాక్యానికీ ఎవరు, ఎవరికి, ఏం, ఎప్పటిలోగా అని అడిగి జవాబు రాసుకోవాలి. జవాబు దొరకని చోట సులభం చేసేవారు తమకు న్యాయం అనిపించింది రాసేయకూడదు. ఒప్పందం తయారుచేసిన కంపెనీనీ, దాని వకీలునీ అడిగి రాతలో తీసుకోవాలి. కంపెనీ "ఇద్దరికీ పంపుతాం" అని తేల్చిందనుకుందాం. అప్పుడు షరతు ఇలా ఉండవచ్చు:

"సభ్యుడు ఏ వాయిదా కట్టకపోయినా, మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టమని కంపెనీ సభ్యుడికీ, మీకూ రాతపూర్వకంగా నోటీసు పంపవచ్చు. నోటీసు పంపాక, ఆ మొత్తాన్ని వడ్డీ, ఖర్చులతో సహా మీరు కట్టాలి. ముందు సభ్యుడి దగ్గర వసూలుకు ప్రయత్నించాల్సిన పని కంపెనీకి లేదు. ష్యూరిటీలు ఇద్దరున్నా మొత్తం సొమ్ము మీ ఒక్కరినే అడగవచ్చు. కంపెనీ సభ్యుడికి గడువు ఇచ్చినా, అతను పెట్టిన వేరే సెక్యూరిటీని వదిలేసినా, మీరు కట్టాల్సింది తగ్గదు."

చివరి వాక్యం చదివితే గుండె గతుక్కుమంటుంది. అలాగే ఉండాలి. ష్యూరిటీని అడగకుండా బాకీదారుకు గడువు ఇచ్చినా, సెక్యూరిటీని వదిలేసినా ష్యూరిటీకి ఊరట ఇచ్చే రక్షణలు కాంట్రాక్టు చట్టం 135, 141 సెక్షన్లలో ఉన్నాయి. ఆ రక్షణలను ముందే వదులుకుంటున్నానని ఒప్పించడానికే కాగితంలో ఆ వాక్యం పెడతారు. దాన్ని మెత్తగా రాసినా, వదిలేసినా సంతకం పెట్టేవారిని మోసం చేసినట్టే. "సదరు", "యావత్తు", "బద్ధులై యున్నారు" పోయినా నష్టం లేదు. పోకూడనివి "రాతపూర్వకంగా", "ఏ వాయిదా", "మీ ఒక్కరినే" లాంటివి.

రాత సరిగ్గా వచ్చిందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. పాత కాగితం ఒక వకీలుకు, కొత్తది ఒక మామూలు ఉద్యోగికి ఇచ్చి అవే సంగతులు అడగాలి. ఒక్క నెల తప్పితే ఎంత కట్టాలి? ఫోన్‌లో అడిగితే సరిపోతుందా? రెండో ష్యూరిటీ చేతులెత్తేస్తే? సభ్యుడి ఇంటి కాగితాలు కంపెనీ తిరిగి ఇచ్చేస్తే? ఇద్దరి జవాబులూ ప్రతిచోటా ఒకటే రావాలి. ఒక్కదానిలో తేడా వచ్చినా ఆ వాక్యం మళ్లీ రాయాలి.

అప్పుల విషయంలో రిజర్వు బ్యాంకు కొంత దారి వేసింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు ముఖ్య వివరాల పత్రాన్ని అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. చీటీలు రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖలు ష్యూరిటీ షరతుకు ఇలా పరీక్షించిన ఒక తెలుగు నమూనాను ఖాయం చేసి, చీటీ కంపెనీలన్నీ అదే వాడేలా చేయాలి. "తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుంది" అన్న వాక్యం ఆ నమూనా కింద ఉండకూడదు. ష్యూరిటీ చదివిన తెలుగు ప్రతే ఒప్పందం కావాలి.