ముప్పైకే ఉల్లిగడ్డ: ఆరు లక్షల మిగులు లెక్కలో మాయమైన సరుకు

"కర్నూలు ఉల్లిగడ్డ కర్నూలోళ్లకే కిలో 40 రూపాయలా? 30కి మించి అమ్మొద్దని ప్రభుత్వం ఒక్క ఆర్డర్ ఇస్తే చాలు. 1) ఊర్లో రోజుకు 600 క్వింటాళ్లు అమ్ముడవుతాయి. కిలోకు 10 తగ్గితే జనానికి రోజుకు 6 లక్షలు మిగులు. 2) రైతుకు పైసా నష్టం లేదు, తగ్గేది దళారీ లాభమే. 3) ఏడాదంతా 30 అంటే రైతుకూ గ్యారంటీ. 4) దాచినోడి గోడౌన్ మీద రైడ్ చేస్తే కొరతే ఉండదు. అన్ని గ్రూపులకూ పంపండి!"

పంపారు. బంధువుల గ్రూపులో, కాలేజీ బ్యాచ్ గ్రూపులో, ఆఖరికి మా వీధి నీళ్ల ట్యాంకర్ గ్రూపులో కూడా వచ్చింది. పంపినవాళ్లలో బీకాం చదివినవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి కాస్త లెక్కలోకే దిగుదాం.

ముందు తేలిగ్గా పోయేది మూడో పాయింటు. 30కి మించి అమ్మొద్దు అంటే 30 ఇచ్చి తీరాలని కాదన్నా. 2025లో ఇదే కర్నూలు యార్డులో ధర పడిపోతే ప్రభుత్వం క్వింటాలు 1,200 చొప్పున కొనాల్సి వచ్చింది. ఆ రోజుల్లో 30 పరిమితి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే, ధర దాని కిందే ఉంది కదా. పరిమితి కరిచేది మార్కెట్ ధర దానికి పైన ఉన్నప్పుడే. రైతు గ్యారంటీ అడిగేది ధర పడిపోయినప్పుడు.

ఇక అసలు సంగతి, మొదటి పాయింటు. ఆ 600 క్వింటాళ్లు ఎక్కడి లెక్కో నాకు తెలీదు. సరే, మెసేజ్ అంకెలే తీసుకుందాం: ధర 40, సరుకు 600. దానికి ఇంకో రెండు అంకెలు కలుపుకుందాం, ఇవి కాగితం మీద లెక్క కోసమే. ధర రూపాయి తగ్గితే ఊర్లోకి వచ్చే సరుకు రోజుకు 15 క్వింటాళ్లు తగ్గుతుంది, కొనాలనుకునేది 10 క్వింటాళ్లు పెరుగుతుంది. ఇప్పుడు 30 దగ్గర ఆపండి. వచ్చేది 450, అడిగేది 700. కొరత 250 క్వింటాళ్లు.

చూశారు కదా, ఆరు లక్షలు ఎక్కడ తప్పిపోయాయో. పది రూపాయల మిగులును పాత 600తో గుణించారు. 30 అన్నాక 600 రావు, 450 వస్తాయి. అంటే తగ్గింపుగా దక్కేది 4.5 లక్షలే. అందులోంచి ఇంకోటి తీసేయాలి. రాకుండా పోయిన 150 క్వింటాళ్లను 40కి కొనుక్కుని సంతోషంగా ఉన్నవాళ్లున్నారు. గిరాకీ రూపాయికి 10 క్వింటాళ్ల లెక్కన 150కి 15 రూపాయలు, అంటే వాళ్లలో కొందరు కిలోకు 55 దాకా పెట్టడానికీ సిద్ధం. వాళ్లకు 40 మీద కలిసొచ్చేది కిలోకు 15 నుంచి సున్నా వరకు, సగటున ఏడున్నర. 15,000 కిలోలకు 1,12,500 రూపాయలు. అది పోయింది. మిగిలింది 3,37,500.

మిగిలింది కదా అంటారు. నిజమే, ఒప్పుకుంటా. ఈ లెక్కలో కొనేవాళ్లందరినీ కలిపి చూస్తే లాభమే. ధరల మీద పరిమితి పెడితే కొనేవాడికి ఎప్పుడూ నష్టమే అని కొందరు చెప్తారు గానీ, అది అంత సులువుగా తేలే మాట కాదు.

ఆ లాభం ఎవరి జేబులోంచి వచ్చిందో చూస్తే రెండో పాయింటు కూలుతుంది. అమ్మేవాళ్లు 450 క్వింటాళ్ల మీద 4.5 లక్షలు వదులుకున్నారు, అమ్మకుండా పోయిన 150 మీద కిలోకు సగటున 5 చొప్పున ఇంకో 75,000. మొత్తం 5,25,000. ఇదంతా దళారీ జేబేనా? కొట్టువాడికి 30కి మించి రాదంటే యార్డు వేలంలో అతను పాడే పాట తగ్గుతుంది. పాట తగ్గితే కోడుమూరు నుంచో గోనెగండ్ల నుంచో తెచ్చిన రైతుకు వచ్చేది తగ్గుతుంది. కమీషన్ శాతంలో పోతుంది కాబట్టి దళారీకీ కొంత తగ్గుతుంది, అంతే. ఇది గిట్టదనుకున్న లారీ తాడేపల్లిగూడెం దారి పడుతుంది, హైదరాబాద్ దారి పడుతుంది. ఆ 150 క్వింటాళ్లలో కొంత పోయేది అలాగే.

కొనేవాళ్లకు వచ్చింది 3,37,500, అమ్మేవాళ్లకు పోయింది 5,25,000. తేడా 1,87,500 ఎవరికీ చేరలేదు. దీన్నే సంక్షేమ నష్టం అంటారు, పుస్తకాల్లో గ్రాఫు మీద త్రికోణంగా చూపిస్తారు. వేరే దారిలో సరిచూసుకోండి: 450వ క్వింటాలు దగ్గర కొనేవాడు కిలోకు 55 ఇస్తాడు, అమ్మేవాడికి 30 చాలు, మధ్యలో 25. 600 దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా సున్నా. సగటు పన్నెండున్నర, 15,000 కిలోలు. అదే 1,87,500. ఇక్కడ చాలామంది కొరత 250నీ ఈ నష్టాన్నీ కలిపేస్తారు. నష్టం లెక్క ఆగిపోయిన 150 మీదే. మిగతా 100 క్వింటాళ్లు ముప్పై అనేసరికి కొత్తగా పుట్టిన గిరాకీ.

కానీ ఈ 1,87,500 కూడా బాగా తక్కువ చేసి చెప్పిన అంకె. ఆ 450 క్వింటాళ్లు సరిగ్గా 55, అంతకుమించి పెట్టేవాళ్లకే చేరాయి అనుకుని వేసిన లెక్క అది. ముప్పైకి ఉల్లిగడ్డ అంటే సంచులు పట్టుకొచ్చేది 700 క్వింటాళ్ల జనం. అందులో కిలోకు 31 కూడా ఎక్కువే అనుకునేవాడు ఉంటాడు, ఉల్లి లేకపోతే పొయ్యి వెలగని మెస్సువాడూ ఉంటాడు. ముందొచ్చినవాడికి ముందు అంటే దాదాపు లాటరీయే. మన లెక్కలో ధర 100కి చేరితే కొనేవాడే ఉండడు. కాబట్టి ఆ గుంపులో కిలో విలువ 30 నుంచి 100 వరకు, సగటు 65, దక్కినవాడికి మిగులు 35. 45,000 కిలోల మీద 15,75,000. పాత 40 ధర దగ్గర సగటు విలువ 70, మిగులు 30, కిలోలు 60,000. అంటే 18,00,000.

మళ్లీ చదవండి. లాటరీ పడితే కొనేవాళ్లే మొత్తంగా రోజుకు 2,25,000 నష్టపోయారు, కిలో పది రూపాయలు తగ్గించాక కూడా! దానికి అమ్మేవాళ్ల 5,25,000 కలిపితే ఊరి నష్టం 7,50,000, పుస్తకంలో త్రికోణం చూపించే దానికి నాలుగు రెట్లు. క్యూలో పోయిన పొద్దు ఇందులో కలపలేదు. నేను పైన ఒప్పుకున్న లాభం నిలవాలంటే ఎవరికి ఎంత అవసరమో తెలిసి పంచేవాడు కావాలి. ఆ మనిషి నంబరు కూడా ఫార్వర్డ్ చేయండి.

నాలుగోదానికి రెండు మాటలు చాలు. 250లో 100 ఎవరూ దాచలేదు, ఆ సరుకు అసలు లేనేలేదు. 150 వేరే ఊరి దారిలోనో పొలంలోనో ఉంది. జీపు వేసుకుని గోడౌన్‌కి పోతే దొరికేది ఖాళీ గోనెసంచులు.

ఒక చోట మాత్రం నా లెక్క సడలుతుంది. పంట తవ్వేసి ఉండి, నిల్వ ఆగక, పరిమితి రాష్ట్రాల పొడుగునా ఉంటే సరుకు ఆ కొన్ని వారాలు తగ్గదు. అప్పుడు 600 వస్తాయి, కొరత 100, ఆగిపోయిన అమ్మకాలు లేవు కాబట్టి ఆ త్రికోణం సున్నా. లాటరీ గోల మాత్రం అప్పుడూ ఉంటుంది. వచ్చే సీజన్‌కి రైతు ఉల్లి నారు తగ్గించాడా, మళ్లీ మొదటి లెక్కే.

ఇక "2019లో రైతు బజార్లలో 25కే ఇచ్చారు కదా" అని అడుగుతారు. ఇచ్చారు. అది పరిమితి కాదు, ప్రభుత్వం మార్కెట్ ధరకు కొని తక్కువకు అమ్మింది, తేడా ఖజానా కట్టింది. మన లెక్కలో అలా అందరికీ 30కి ఇచ్చి కొరత లేకుండా చేయాలంటే 700 క్వింటాళ్లు రప్పించాలి. రూపాయికి 15 క్వింటాళ్ల లెక్కన దానికి అమ్మేవాడికి కిలోకు దాదాపు 46.67 ఇవ్వాలి. కిలోకు 16.67 చొప్పున 70,000 కిలోలకు ఖర్చు రోజుకు సుమారు 11.67 లక్షలు. ఆ అంకె రాసి, ఎవరు కడతారో కూడా రాసి పంపితే నేనూ నాలుగు గ్రూపులకు పంపుతా.