‘సేఫ్’ మండలంలో బోరు ఎందుకు ఎండుతుంది?

“మన జిల్లాలో మే నెలలో 9.8 మీటర్ల లోతున ఉన్న భూగర్భ జలం నవంబరుకల్లా 7.6 మీటర్లకు వచ్చేసింది. అంటే 25 అడుగుల్లోనే నీళ్లు. దేశంలో ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్ యూనిట్లు కూడా 1006 నుంచి 736కు పడిపోయాయి. మన మండలం సేఫ్ కేటగిరీలో ఉంది. ఇక టెన్షన్ లేదు, బోర్లు వేసుకోండి.”

మా ఊళ్లో ఈ మెసేజ్ నలుగురి ఫోన్లలో చూశాను. ఇందులో అంకెలు అబద్ధం కానక్కర్లేదు. వాటి నుంచి తీసిన అర్థమే తప్పు. ఆ తప్పుకు ఒక్కో రైతు లక్ష, లక్షన్నర పోసి బోరు వేసుకుంటాడు కాబట్టి ఒక్కొక్కటిగా సమాధానం చెబుతున్నాను.

ముందుగా ఆ 25 అడుగులు. జిల్లా నీటిమట్టం అని ప్రకటించేది సగటు. భూగర్భ జల శాఖకు జిల్లాలో అక్కడక్కడ పీజోమీటర్లు ఉంటాయి. పీజోమీటరంటే మోటారు బిగించని, నీళ్లు తోడని, కేవలం మట్టం చూడటానికే వేసిన బోరు. వాటన్నిటి లోతులూ కలిపి, ఎన్ని ఉన్నాయో అంతతో భాగిస్తే ఆ జిల్లా అంకె వస్తుంది. నల్గొండ లాంటి జిల్లాను తలుచుకోండి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, దేవరకొండ వైపు మెట్ట. ఇలాంటి చోట సగటు ఏమవుతుందో ఒక ఊహా జిల్లాతో చూపిస్తాను. 20 పీజోమీటర్లున్నాయి. 12 ఆయకట్టులో, 8 మెట్టలో. మేలో ఆయకట్టులో మట్టం 5 మీటర్లు, మెట్టలో 17 మీటర్లు. సగటు 9.8. నవంబరులో కాలువ నీళ్లు, వాన కలిసి ఆయకట్టులో 2 మీటర్లకు వచ్చింది. మెట్టలో 16కు వచ్చింది. సగటు 7.6.

ఆ జిల్లాలో 7.6 మీటర్ల దగ్గర నీళ్లున్న ఊరు ఒక్కటీ లేదు. ఆయకట్టు వాళ్లకు అంతకంటే పైనే ఉన్నాయి, మెట్ట వాళ్లకు దానికి రెట్టింపు లోతున ఉన్నాయి. సగటు 2.2 మీటర్లు మెరుగైతే మెట్టలో మెరుగైంది ఒక్క మీటరు. కానీ కొత్త బోర్లు పడేది ఎక్కువగా ఆ మెట్టలోనే.

ఇంకొక చిన్న మాట. ఈ లెక్కలో అంకె పెరిగితే నీళ్లు కిందికి పోయినట్టు, అంకె తగ్గితే పైకి వచ్చినట్టు, ఎందుకంటే అది నేల మీది నుంచి కొలిచిన లోతు. 8 మీటర్లున్నది 10 అయితే ‘మట్టం పెరిగింది’ అని సంతోషపడిన వాళ్లను చాలామందిని చూశాను.

రెండోది, మేను నవంబరుతో పోల్చడం. మే అంటే వానలకు ముందు, బోర్లన్నీ నడిచి నడిచి మట్టం అడుగంటిన నెల. నవంబరు అంటే వానలు పడి, చెరువులు నిండిన తర్వాత. వాన పడ్డ ఏ ఏడాదైనా ఈ రెండింటి మధ్య మట్టం పైకి వస్తుంది. నీళ్లు నిజంగా మెరుగయ్యాయో లేదో తెలియాలంటే ఈ నవంబరును నిరుటి నవంబరుతో, ఈ మేను నిరుటి మేతో, వీలైతే పదేళ్ల సగటుతో పోల్చాలి. భూగర్భ జల శాఖ ప్రకటనలో ఈ పోలికలు ఉంటాయి. మెసేజ్ చేసేవాళ్లకు పెద్ద తేడా ఏ పోలికలో కనిపిస్తే అది పైకి వస్తుంది.

ఒక మీటరు పైకి వస్తే ఎన్ని నీళ్లు వచ్చినట్టు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో అనంతపురం, చిత్తూరు వైపు గ్రానైటు, దాని జాతి రాళ్లే. నీళ్లు నిలిచేది పైన చీకిపోయిన రాతి పొరలో, దాని కింద పగుళ్లలో. ఇసుక నేలలా ఇది నీళ్లు దాచుకోదు. చీకిన పొరలోంచి తోడుకోగలిగే నీళ్లు దాని పరిమాణంలో నూటికి రెండు వంతులు అనుకుందాం. అప్పుడు మట్టం 5 మీటర్లు పైకి వచ్చిందంటే కింద చేరింది 100 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే జానెడు కూడా కాదు. యాసంగి వరికి సుమారు 1200 మిల్లీమీటర్లు కావాలి. అంటే 12 ఎకరాల కింద 5 మీటర్లు పెరిగిన నీళ్లు ఒక్క ఎకరం వరికి సరిపోతాయి. పేపర్లో ‘5 మీటర్లు పైకి’ అన్న హెడ్డింగు చూసి అందరూ వరి నాటితే మార్చిలో ఏమవుతుందో దీన్ని బట్టే లెక్కేసుకోవచ్చు. ఇలాంటి రాతిలో మట్టం ఎంత తొందరగా పైకి వస్తుందో అంత తొందరగా దిగిపోతుంది.

ఇక అసలు విషయం, సేఫ్ అన్న మాట. చాలామంది ఇది మట్టం మీద ఇచ్చే సర్టిఫికెట్ అనుకుంటారు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయన్న దానితో ఈ కేటగిరీకి సంబంధం లేదు. ఏడాదికి భూమిలోకి దిగి, మనం వాడుకోవడానికి మిగిలే నీళ్లెన్ని, అందులో ఏడాదికి తోడుతున్నవెన్ని, ఈ రెండింటి నిష్పత్తి అది. ఈ లెక్క కట్టే ఒక్కో ప్రాంతమే యూనిట్, మన దగ్గర అది మండలం. 70 శాతం దాకా సేఫ్, 90 దాకా సెమీ క్రిటికల్, 100 దాకా క్రిటికల్, 100 దాటితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్. వంద దాటిందంటే భూమి ఖాళీ అయిందని కాదు. ఏటా వచ్చేదాని కంటే ఎక్కువ తోడుతూ, పాత నిల్వలో చెయ్యి పెడుతున్నామని.

ఒక మండలం లెక్క మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే, పద్ధతి మాత్రం నిజంగా జరిగేదే. మండలం విస్తీర్ణం 20,000 హెక్టార్లు. మామూలు వాన 700 మిల్లీమీటర్లు. అందులో నూటికి 8 వంతులు భూమిలోకి దిగుతుందనుకుంటే 56 మిల్లీమీటర్లు. అంటే 1,120 హెక్టార్ మీటర్లు. ఒక హెక్టారు మడిలో మీటరు ఎత్తున నీళ్లు నిలబెడితే అది ఒక హెక్టార్ మీటరు. చెరువుల నుంచి, పొలాలకు పారించిన నీళ్ల నుంచి మళ్లీ దిగేవి ఇంకో 680. మొత్తం 1,800. వాగుల్లోకి ఊటగా పోయేదని పదో వంతు తీసేస్తే మిగిలేది 1,620.

ఆ మండలంలో 1,700 బోర్లు. ఒక్కోటి ఏడాదికి 0.65 హెక్టార్ మీటర్లు తోడుతుందని లెక్క. మొత్తం 1,105. నిష్పత్తి 68 శాతం. సేఫ్!

ఈ 0.65 ఎక్కడిది? మన వ్యవసాయ మోటార్లలో చాలావాటికి మీటర్లు లేవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల సరఫరా. ఏ బోరు ఎంత తోడిందో సూటిగా కొలిచే దారి లేదు కాబట్టి కొన్ని బోర్లను చూసి సగటు అంచనా కడతారు, బోర్ల సంఖ్య గణన నుంచి తీసుకుంటారు. కరెంటు గంటలు పెరిగి, ఆరుతడి పంటల చోట వరి వస్తే 0.65 కాస్తా 0.75 అవుతుంది. అప్పుడు 1,275, అంటే 79 శాతం. ఒక్క కొత్త బోరు పడకుండానే మండలం సెమీ క్రిటికల్. దీన్నిబట్టి లెక్క కట్టేవాళ్లు మోసం చేస్తున్నారని కాదు. 68 అన్నది తూకం వేసి చెప్పిన అంకె కాదు, అంచనా. దాన్ని గీతకు ఇవతల, అవతల అని చదవకూడదు.

ఇప్పుడు ఆ మెసేజ్ నమ్మి మండలంలో 600 కొత్త బోర్లు పడ్డాయనుకోండి. 2,300 బోర్లు, 0.65 చొప్పునే 1,495 హెక్టార్ మీటర్లు. 92 శాతం, క్రిటికల్. సేఫ్ అన్న మాట ఇప్పుడున్న బోర్లకే వర్తిస్తుంది, వేయబోయే వాటికి కాదు.

ఇంకో సంగతి. వాన నుంచి దిగే నీళ్లను ఆ ఏడాది కురిసిన వాన మీద కాకుండా మామూలు వానకు సరిచేసి లెక్కిస్తారు. అందుకే కరువు ఏడాదిలో బోర్లు ఎండుతున్నా కేటగిరీ కదలకపోవచ్చు. అలాగే మంచి వాన పడి నీళ్లు 5 మీటర్లలో కనిపిస్తున్నా, మండలం ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్‌గానే ఉండొచ్చు. రెండూ నిజమే. ఒకటి ఈ రోజు జేబులో ఉన్న డబ్బు, రెండోది ఏటా వచ్చేదానికి పోయేదానికి ఉన్న లెక్క.

మా పెద్దనాన్న మండలం కూడా సేఫే. అదే మండలంలో చెరువు కింద ఊరిలో బావిలో చేతికందే నీళ్లు. ఆయన పొలం గుట్ట వాలులో. నవంబరులో 280 అడుగులు వేయిస్తే రెండించుల నీళ్లు పడ్డాయి. ఫిబ్రవరి చివరికి ఇరవై నిమిషాలు పోసి గాలి కొట్టడం మొదలైంది. మళ్లీ రెండు గంటలు ఆగాలి. వరి మూడొంతుల్లో ఒక వంతు ఎండింది. మండలం అంకెలో ఆ చెరువు, ఈ గుట్ట కలిసిపోయి ఉంటాయి. జిల్లాకు, దేశానికి వెళ్లేకొద్దీ ఇది ఇంకా ఎక్కువ. 2024 లెక్కలో దేశం మొత్తానికి నిష్పత్తి సుమారు 60 శాతం, సేఫ్ గీతకు బాగా లోపలే. అదే లెక్కలో ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్ యూనిట్లు 751.

1006 నుంచి 736 సంగతి తేలికైనదే. అవి 2022, 2023 లెక్కలు. అంకెలు సరైనవే. కానీ 2023 లెక్కకే తమిళనాడు తన యూనిట్లను మార్చుకుంది. అంతకుముందు అక్కడ ఫిర్కా వారీగా 1,100కు పైగా యూనిట్లుండేవి. ఫిర్కా అంటే తాలూకాలో ఒక చిన్న భాగం. తాలూకా వారీగా చేశాక 313 అయ్యాయి. దేశం మొత్తం యూనిట్లు 7,089 నుంచి 6,553కు తగ్గాయి. తోడకం ఎక్కువున్న రాష్ట్రంలో చిన్న ముక్కలను పెద్ద ముక్కల్లో కలిపితే ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్ లెక్క తగ్గక ఏమవుతుంది? ఒక్క బోరు ఆగకపోయినా తగ్గుతుంది. ఆ తగ్గుదలలో నీళ్లు మెరుగైన వాటా ఎంతో తెలియాలంటే తమిళనాడును పక్కన పెట్టి చూడాలి. మన దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26. పాత అనంతపురం సగటును ఇప్పటి అనంతపురం జిల్లా సగటుతో పోలిస్తే రెండు వేర్వేరు నేలలను పోల్చినట్టే.

బోరు వేసే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీ పొలానికి దగ్గరి పీజోమీటరు ఏ ఊళ్లో ఉంది, చెరువు కిందా మెట్ట మీదా? అందులో నిరుటి మేలో, అంతకుముందు మేలో ఎంత లోతుంది? చుట్టూ ఉన్న బోర్లు నవంబరులో ఎన్ని ఇంచులు పోశాయో కాదు, మార్చి చివర్లో ఎన్ని గంటలు ఆగకుండా పోశాయో అడగండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద మీ గ్రామం నోటిఫై అయిందో లేదో కూడా చూసుకోండి, కొత్త బోరుకు అనుమతి దాన్ని బట్టి ఉంటుంది. మా పెద్దనాన్న పక్క చేను వాళ్ల బోరు అంతకుముందు రెండు మార్చిల్లోనూ గాలి కొట్టింది. ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు.